రికార్డు లోటు వచ్చిన ఏడాది నిల్వలెలా పెరిగాయి? కరెంటు ఖాతా, మూలధన ఖాతా, పొదుపు కలిసే చోటు

గుంటూరు మిర్చి యార్డులో మా బావది కమీషన్ వ్యాపారం. టిక్కీలు దిగే వేళ ఎవరు ఫోన్ చేసినా ఎత్తడు. అలాంటిది ఆ వేళప్పుడు తనే చేశాడంటే పేపర్లో ఏదో గట్టిగా గుచ్చుకుందన్నమాట. "బావా, కరెంటు ఖాతాలో లోటు వచ్చిందని రాశాడు. కింది పేరాలోనే విదేశీ మారక నిల్వలు పెరిగాయనీ రాశాడు. నా కొట్లో లోటొస్తే గల్లాపెట్టెలో డబ్బు తగ్గుద్ది. దేశానికి లోటొస్తే గల్లా నిండటమేంది?"

ఆర్‌బీఐ మూడు నెలలకోసారి విదేశీ చెల్లింపుల లెక్క విడుదల చేసినప్పుడల్లా ఈ చిక్కు వస్తూనే ఉంటుంది. దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ 2012-13. ఆ ఏడాది మన కరెంటు ఖాతా లోటు 88 బిలియన్ డాలర్లు. జీడీపీలో అది 4.8 శాతం, అప్పటిదాకా ఎన్నడూ చూడనంత. అయినా ఆ ఏడాది చెల్లింపుల లెక్క ప్రకారం నిల్వలు తరగలేదు సరికదా, దాదాపు 4 బిలియన్ డాలర్లు కొత్తగా చేరాయి. అందులో తప్పుడు లెక్కేమీ లేదు. మన వాడుకలో "లోటు" అనే మాట చేసే మోసం ఉంది, అంతే.

పద్దులు రెండు, ప్రతి లావాదేవీ రెండు చోట్ల

దేశంలో ఉండేవాళ్లకీ బయట ఉండేవాళ్లకీ మధ్య ఏడాదిలో జరిగిన లావాదేవీలన్నిటినీ ఒక చిట్టాలో రాస్తే, దాన్ని చెల్లింపుల శేషం అంటారు. బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్ అని పేపర్లలో కనిపించేది ఇదే.

ఈ చిట్టాలో కరెంటు ఖాతాకి వెళ్లేవి, ఆ ఏడాదితో తెగిపోయే వ్యవహారాలు. సరుకు అమ్మాం, కొన్నాం. సాఫ్ట్‌వేర్ సేవలు అమ్మాం. వడ్డీలు, లాభాలు వచ్చాయి, పోయాయి. పిల్లలు బయటి దేశం నుంచి అమ్మానాన్నలకు డబ్బు పంపారు. వీటిలో దేనికీ రేపు తిరిగి ఇవ్వాలన్న షరతు లేదు.

మూలధన ఖాతాకి వెళ్లేవి, ఆస్తుల్నీ అప్పుల్నీ మార్చే వ్యవహారాలు. విదేశీ కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టినా, విదేశీ ఫండ్ మన షేర్లు కొన్నా, మన కంపెనీ డాలర్లలో అప్పు తెచ్చినా, ఎన్నారై ఇక్కడి బ్యాంకులో డిపాజిట్ వేసినా ఇందులోకే వస్తాయి. ఇవాళ వచ్చిన డబ్బుకు ఎదురుగా రేపు ఎవరికో ఏదో హక్కు ఉంటుంది.

పేరు గురించి ఒక ముక్క. ఐఎంఎఫ్ ఇప్పటి పద్ధతిలో ఈ రెండో ఖాతాని ఆర్థిక ఖాతా అంటారు. మూలధన ఖాతా అనే పేరు అక్కడ వేరే చిన్న పద్దుకు మిగిలింది, మన దేశం లెక్కలో దాని అంకె లెక్కలోకి రానంత చిన్నది. మన పత్రికలూ, మామూలు వాడుకా ఇంకా పాత పేరే పట్టుకున్నాయి కాబట్టి నేనూ అదే వాడతాను.

అసలు సంగతి ఏమిటంటే, ఈ చిట్టా రాసేది జంట పద్దుల్లో. ఏ లావాదేవీకైనా రెండు కొసలు ఉంటాయి, రెండూ రాయాలి. బావ కొట్లో జమా ఖర్చు రాసే గుమాస్తాకి ఇది కొత్త కాదు.

నాలుగు లావాదేవీల చిన్న దేశం

గుంటూరు, విజయవాడ కలిపి ఒక దేశమనుకుందాం. అంకెలన్నీ ఊహించినవే, లక్షల రూపాయల్లో. నిజానికి రాష్ట్రాలకు ఇలాంటి లెక్క ఎవరూ వేయరు. హైదరాబాదుకు మిర్చి పంపితే అది ఎగుమతి కాదు మరి.

మొదటిది: ఎగుమతిదారు తేజ రకం మిర్చి చైనాకు పంపాడు, విలువ 100 లక్షలు. కరెంటు ఖాతాలో ప్లస్ 100. మరి రెండో కొస? డాలర్లు సంచిలో వేసుకుని ఎవరూ తీసుకురారు. మన బ్యాంకుకు న్యూయార్క్‌లో ఒక ఖాతా ఉంటుంది, బ్యాంకు వాళ్లు నోస్ట్రో అంటారు, అందులో జమ అవుతాయి. అంటే బయటి దేశంలో మనకు ఒక ఆస్తి పెరిగింది. బయటి ఆస్తిని కొన్నట్టే కాబట్టి మూలధన ఖాతాలో మైనస్ 100. కొనుగోలుదారు మూడు నెలలు అరువు అడిగినా ఇంతే. అప్పుడు ఆస్తి నోస్ట్రోలో డబ్బు కాదు, మనకు రావలసిన బాకీ.

రెండోది: గవర్నర్‌పేట నగల కొట్ల కోసం బ్యాంకు 160 లక్షల బంగారం దిగుమతి చేసింది. కరెంటు ఖాతాలో మైనస్ 160. నోస్ట్రోలో డబ్బు తరిగింది కాబట్టి మూలధన ఖాతాలో ప్లస్ 160.

మూడోది: డాలస్‌లో ఉద్యోగం చేసే కొడుకు అమ్మానాన్నలకు 20 లక్షలు పంపాడు. కరెంటు ఖాతాలో ప్లస్ 20, మూలధన ఖాతాలో మైనస్ 20.

నాలుగోది: డాలస్‌లోనే ఉన్న ఇంకొకాయన విజయవాడలో ఎన్ఆర్ఈ డిపాజిట్ 50 లక్షలు వేశాడు. పంపిన డబ్బు, వచ్చిన దారి, చేరిన బ్యాంకు అన్నీ మూడోదానిలాగే ఉన్నాయి. కానీ కరెంటు ఖాతాలో దీనికి చోటే లేదు. బ్యాంకు ఆయనకు బాకీ పడింది, ప్లస్ 50. నోస్ట్రో నిండింది, మైనస్ 50. రెండు కొసలూ మూలధన ఖాతాలోనే.

| లావాదేవీ | కరెంటు ఖాతా | మూలధన ఖాతా |
|---|---|---|
| మిర్చి ఎగుమతి | +100 | −100 |
| బంగారం దిగుమతి | −160 | +160 |
| అమ్మానాన్నలకు పంపింది | +20 | −20 |
| ఎన్ఆర్ఈ డిపాజిట్ | 0 | +50, −50 |
| మొత్తం | −40 | +40 |

కరెంటు ఖాతాలో లోటు 40, మూలధన ఖాతాలో మిగులు 40. రెండూ కలిపితే సున్నా, ఎప్పుడైనా ఎక్కడైనా సున్నాయే. ఇప్పుడు నోస్ట్రో చూడండి: 100 వచ్చింది, 160 పోయింది, 20 వచ్చింది, 50 వచ్చింది. మిగిలింది 10.

బావ ప్రశ్నకు జవాబు ఆ పదే. "కొట్లో 40 లోటొచ్చింది, 50 అప్పు తెచ్చావు. గల్లాలో పది ఎక్కువే ఉంటుంది కదా బావా" అన్నాను. ఆ 10 లక్షల రూపాయల విలువైన డాలర్లను ఆర్‌బీఐ బ్యాంకు దగ్గర కొంటే వాటికే విదేశీ మారక నిల్వలని పేరు. 2012-13లో జరిగింది అచ్చంగా ఇదే: 88 బిలియన్ల లోటుకు ఎదురుగా 89 బిలియన్లకు పైగా మూలధనం వచ్చింది. లెక్కకు దొరకని చిల్లర కూడా కలిపితే 4 బిలియన్ల దాకా మిగిలి నిల్వల్లో పడింది.

పేపర్లలో "చెల్లింపుల శేషంలో మిగులు" అని వస్తే అర్థం కూడా ఇక్కడే ఉంది. మొత్తం చిట్టా ఎప్పుడూ సున్నా అయినప్పుడు మిగులెక్కడిది? నిల్వల పద్దును పక్కన పెట్టి మిగతావి కూడితే వచ్చేదాన్ని అలా అంటారు. నిల్వలు పెరిగాయి అన్నమాటకు అదొక డొంకతిరుగుడు.

ఇదే అంకె ఇంటి వైపు నుంచి: పొదుపులోంచి పెట్టుబడి తీస్తే

ఇంతవరకు సరిహద్దు దగ్గర నిలబడి వచ్చేవీ పోయేవీ లెక్కపెట్టాం. ఇప్పుడు సరిహద్దు వైపు చూడనే చూడకుండా, ఇళ్లలోకీ కొట్లలోకీ మాత్రమే చూసి అదే 40 తేల్చవచ్చు. ఈ లెక్కలో నాకు నచ్చే భాగం ఇది.

మన చిన్న దేశం ఏడాదిలో ఏం ఉత్పత్తి చేసింది? బియ్యం, టిఫిన్లు, బడి ఫీజులు, బస్సు టికెట్లు వగైరా ఇక్కడే తయారై ఇక్కడే ఖర్చైనవి 300. కొత్తగా కట్టిన ఇళ్లు 60. బయటికి పంపిన మిర్చి 100. మొత్తం జీడీపీ 460. డాలస్ అబ్బాయి పంపిన 20 కూడా ఇంటి ఆదాయమే, కాబట్టి చేతికొచ్చింది 480.

అందులో వాడి అవగొట్టింది 300. మిగిలిన 180 పొదుపు. పొదుపంటే ఇక్కడ బ్యాంకులో వేసింది అని కాదు, ఆదాయంలో వాడకం పోగా మిగిలింది అంతా.

ఇక పెట్టుబడి. ఈ మాటకు లెక్కల్లో ఉన్న అర్థం వేరు. షేర్లు కొంటే పెట్టుబడి కాదు, తుళ్లూరులో స్థలం కొన్నా కాదు, అవి చేతులు మారాయంతే. కొత్తగా కట్టిన ఇల్లు, కొత్త యంత్రం, కోల్డ్ స్టోరేజీలో పెరిగిన సరుకు నిల్వ, ఇవీ పెట్టుబడి. వీటితో పాటు మన జాతీయ గణాంకాల్లో "విలువైన వస్తువులు" అని ఒక పద్దు ఉంది. అందులో ప్రధానంగా ఉండేది బంగారమే. ఆ లెక్కన మన చిన్న దేశం పెట్టుబడి ఇళ్లు 60, బంగారం 160, మొత్తం 220. పొదుపును S, పెట్టుబడిని I, కరెంటు ఖాతాను CA అంటే సమీకరణం ఇది:

```
S - I = 180 - 220 = -40 = CA
```

సరిహద్దు దగ్గర లెక్కపెట్టినా అదే మైనస్ 40, ఇళ్లలో లెక్కపెట్టినా అదే మైనస్ 40. ఇది యాదృచ్ఛికం కాదు. దేశం తాను సంపాదించిన దానికన్నా ఎక్కువ వాడి, ఎక్కువ కట్టి, ఎక్కువ బంగారం దాచుకుంటే, ఆ ఎక్కువంతా బయటి నుంచే రావాలి. వస్తువుగా వస్తే కరెంటు ఖాతాలో లోటుగా కనిపిస్తుంది, దానికి డబ్బు పెట్టినవాళ్లు మూలధన ఖాతాలో కనిపిస్తారు, ఎందుకు కావాల్సొచ్చింది అంటే పొదుపుకూ పెట్టుబడికీ ఉన్న తేడాలో కనిపిస్తుంది. మూడు కిటికీల్లోంచి ఒకే గది.

బంగారాన్ని పెట్టుబడి అనడం చాలామందికి మింగుడుపడదు. వడ్డాణం ఏ సరుకును ఉత్పత్తి చేస్తుంది అంటారు. సరే, తీసేసి వాడకంలో రాద్దాం. వాడకం 460 అవుతుంది, పొదుపు 20కి పడుతుంది, పెట్టుబడి 60కి పడుతుంది. తేడా? మళ్లీ మైనస్ 40. పద్దు పేరు మార్చితే పొదుపు రేటు, పెట్టుబడి రేటు అంకెలు మారతాయి కానీ వాటి మధ్య దూరం కదలదు. అందుకే మన దేశం పొదుపు రేటును బంగారాన్ని ఇంకోలా లెక్కించే దేశంతో పోల్చేటప్పుడు జాగ్రత్తపడాలి. ఆ దూరాన్ని మాత్రం నిశ్చింతగా పోల్చుకోవచ్చు.

అందరూ ఒప్పుకునే సమీకరణం, ఎవరూ ఒప్పుకోని కారణం

సమీకరణంలో మధ్యన ఉన్నది సమానం గుర్తు. బాణం గుర్తు కాదు. ఏది కదిలితే ఏది కదిలిందో అది చెప్పదు. గొడవంతా ఇక్కడే.

2012-13 లోటుకు అప్పట్లో మూడు వ్యాఖ్యానాలు వినిపించాయి. ఒకటి, తప్పు ప్రభుత్వ ఖర్చుదని. దేశ పొదుపంటే కుటుంబాలది, కంపెనీలది, ప్రభుత్వానిది కలిపి. ప్రభుత్వం ఆదాయానికి మించి వాడితే ఆ మేరకు మొత్తం పొదుపు తగ్గుతుంది, కరెంటు ఖాతా కిందికి జారుతుంది. కేంద్రం ద్రవ్యలోటు ఆ ఏడాది జీడీపీలో 4.9 శాతం. కరెంటు ఖాతా లోటు 4.8. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి.

అయితే 2020-21 చూడండి. కేంద్రం ద్రవ్యలోటు 9 శాతం దాటింది. ఆ ఏడాది కరెంటు ఖాతాలో లోటు కాదు, జీడీపీలో 0.9 శాతం మిగులు వచ్చింది. కొవిడ్ తాళాలు పడి జనం ఖర్చు పెట్టలేకపోయారు, కుటుంబాల పొదుపు ఎగిసింది, కట్టుబడి పనులు ఆగిపోయాయి, ప్రభుత్వ లోటును అది మింగేసి ఇంకా మిగిలింది. ద్రవ్యలోటుకు ప్రభావం లేదని దీనర్థం కాదు. మిగతా రెండు భాగాలు ఎటు కదిలాయో చూడకుండా ఆ ఒక్క అంకెతో ఏదీ తేల్చలేమని మాత్రమే. పైగా మిగులు అనగానే మురిసిపోనక్కర్లేదని కూడా: ఆ మిగులు మూతపడ్డ కొట్లలోంచి పుట్టింది.

రెండో వ్యాఖ్యానం బంగారం మీద వేలు పెట్టింది. అప్పట్లో ధరలు ఏడాదికి పది శాతం దరిదాపుల్లో పెరుగుతున్నాయి, బ్యాంకు డిపాజిట్ వడ్డీ ఆ పెరుగుదలను అందుకోవడమే కష్టం. గొలుసు కొంటే కనీసం విలువ నిలుస్తుందని ఇంటింటా అనుకున్నారు, తప్పేమీ లేదు. ఆ ఏడాది బంగారం దిగుమతులు 50 బిలియన్ డాలర్లు దాటాయి. ఈ వాదన ప్రకారం అసలు రోగం ధరల పెరుగుదల, బంగారం దాని లక్షణం.

మూడోది లెక్కను బోర్లా తిప్పి చదువుతుంది. మనకు లోటొచ్చి డబ్బు తెచ్చుకోలేదు, బయట డబ్బు చౌకగా పొంగి ఇటు వచ్చింది కాబట్టే లోటొచ్చింది అంటుంది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ ఆ రోజుల్లో వడ్డీని సున్నా దగ్గర ఉంచి బాండ్లు కొంటూ డాలర్లు వదులుతోంది. ఆ డాలర్లు వచ్చి రూపాయిని నిలబెట్టాయి, దిగుమతులు చౌకగా కనబడ్డాయి, కంపెనీలకు అప్పు తేలికైంది. ఈ తరహా వాదనను 2005లో అమెరికా లోటు గురించి గట్టిగా వినిపించినవాడు బెన్ బెర్నాంకే. ప్రపంచంలో మరెక్కడో పొదుపు పోగుపడి అమెరికాలోకి దొర్లుతోంది, అందుకే అమెరికాకు లోటు అన్నాడు. ఎనిమిదేళ్లకు, ఫెడ్ ఛైర్మన్‌గా ఆయన అన్న ఒక్క మాటే మన రూపాయిని పడగొట్టడం చరిత్ర ఆడిన చిలిపి ఆట.

నా మట్టుకు, రెండో వాదన, మూడో వాదన కలిపితేనే 2012-13 అర్థమవుతుంది. బంగారం కోరిక లోపలి నుంచి తోసింది, చౌక డాలరు ఆ కోరిక తీరేలా చేసింది. చౌక డాలరు లేకపోతే రూపాయి ముందే పడేది, లోటు అంత దూరం వెళ్లేది కాదు.

2013లో ఏం చేశారు, ఏ పద్దు కదిలింది

2013 మే 22న బెర్నాంకే బాండ్ల కొనుగోళ్లు తగ్గించే అవకాశం గురించి మాట్లాడాడు. విదేశీ ఫండ్లు వెనక్కి తిరిగాయి. అప్పటికి 55 చిల్లర ఉన్న డాలరు ఆగస్టు చివరికి 68 దాటింది. ఇక్కడ ఢిల్లీ, ముంబయి రెండు రకాల మందులు వేశాయి. సమీకరణం తెలిస్తే ఏ మందు ఏ పద్దుకో చెప్పడం తేలిక.

రఘురాం రాజన్ సెప్టెంబరులో ఆర్‌బీఐ గవర్నర్‌గా వచ్చీ రాగానే ఎన్నారైల డాలర్ డిపాజిట్లకు, బ్యాంకుల విదేశీ అప్పులకు ఒక మార్గం తెరిచారు. బ్యాంకులు తెచ్చిన డాలర్లను ఆర్‌బీఐ చౌక రేటుకు మార్చి ఇచ్చింది. దాంతో సుమారు 34 బిలియన్ డాలర్లు వచ్చాయి. మన పట్టికలో ఇది నాలుగో వరస. కరెంటు ఖాతా లోటును ఒక్క డాలరు కూడా నేరుగా తగ్గించదు, గల్లాను నింపుతుంది, గడువు తీరాక తిరిగి ఇవ్వాలి. గల్లా ఖాళీ అవుతుందేమో అన్న భయమే రూపాయిని పడేస్తున్నప్పుడు అంతకు మించి కావలసింది కూడా లేదు.

రెండో మందు బంగారం మీద సుంకం. 2012 జనవరిలో 2 శాతం ఉన్నది మెట్టుమెట్టుగా ఎక్కి 2013 ఆగస్టుకి 10 శాతమైంది. దిగుమతి చేసిన దానిలో ఐదో వంతు నగలుగా ఎగుమతి చేసి తీరాలన్న షరతు కూడా వచ్చింది. ఇది లోటు మీదే గురి. కానీ సమీకరణం అడిగే ప్రశ్న వేరు: బంగారం కొనని డబ్బు ఎటు పోయింది?

మన చిన్న దేశంలో బంగారం 160 నుంచి 100కి పడిందనుకుందాం. మిగిలిన 60తో జనం దిగుమతైన ఫోన్లు, టీవీలు కొన్నారా? వాడకం 360 అవుతుంది, పొదుపు 120కి పడుతుంది, పెట్టుబడి 160, తేడా పాత మైనస్ 40. బ్యాంకులో వేస్తే ఆ బ్యాంకు ఒక మిల్లు యజమానికి అప్పిచ్చి ఆయన 60 లక్షల యంత్రం బయటి నుంచి తెప్పించాడా? పొదుపు 180 అలాగే ఉంది, పెట్టుబడి మళ్లీ 220, తేడా మైనస్ 40. డబ్బు బ్యాంకులో ఉండిపోయి ఎవరూ అప్పు తీసుకోలేదా? అప్పుడు పెట్టుబడి 160, పొదుపు 180, తేడా ప్లస్ 20. మొదటి రెంటిలో సుంకం దిగుమతుల జాబితాను మార్చింది, లోటును కాదు. మూడోదానిలో లోటు పోయింది కానీ ఆ డబ్బుతో కొత్త పనేదీ జరగలేదు.

మరి నిజంగా ఏం జరిగింది? 2013-14లో లోటు 32 బిలియన్లకు, జీడీపీలో 1.7 శాతానికి దిగింది. బంగారం దిగుమతులు 30 బిలియన్ల లోపుకు వచ్చాయి, అంటే తగ్గిన 56 బిలియన్లలో దాదాపు సగం బంగారానిదే. మిగతా సగం? మన పెట్టుబడి వాటా జీడీపీలో 39 శాతం దరిదాపుల నుంచి 34 దగ్గరికి పడింది, పొదుపు కూడా కాస్త తగ్గింది. పెట్టుబడి పొదుపుకన్నా ఎక్కువ తగ్గింది కాబట్టి దూరం కుంచించుకుపోయింది. పడ్డ రూపాయి కూడా ఎగుమతులకు కొంత ఊపిరినిచ్చింది. అంటే జబ్బు కొంత మందుతో, కొంత లంఖణంతో తగ్గింది.

చిట్టాకు దొరకని బంగారం, దొరికినా పేరు మారే డబ్బు

సుంకం పెరిగితే దొంగ బంగారం వస్తుందని అందరికీ తెలుసు. దానివల్ల అసలు లోటు ఎక్కువై పైకి తక్కువగా కనబడుతుందని చాలామంది అనుకుంటారు. చాలావరకు అది తప్పు. దొంగ బంగారానికి డబ్బు బ్యాంకు ద్వారా కట్టరు. గల్ఫ్‌లో ఉన్నవాడు ఇంటికి పంపాల్సిన డబ్బు, 10 లక్షలనుకోండి, హవాలా మనిషికి ఇస్తాడు, ఇక్కడ ఇంట్లో రూపాయలు చేతికందుతాయి, అక్కడి దిర్హాములతో దుబాయ్‌లో బంగారం కొంటారు. దిగుమతి చిట్టాకెక్కలేదు, మైనస్ 10 కనబడదు. కానీ బ్యాంకులో పడాల్సిన పంపకం, అంటే బయటి నుంచి ఇంటికి పంపే డబ్బు, కూడా చిట్టాకెక్కలేదు, ప్లస్ 10 కూడా కనబడదు. రెండు కొసలూ చీకట్లోనే ఉన్నాయి కాబట్టి లోటు అంకె సరిగ్గానే ఉంటుంది. బంగారం తగ్గిందన్న సంతోషమూ, పంపకాలు మందగించాయన్న దిగులూ మాత్రం రెండూ ఉత్తవి.

ఒక కొస దొరికి రెండోది దొరకనప్పుడే లెక్క తేడా వస్తుంది. దాన్ని "పొరపాట్లు, వదిలివేతలు" అనే పద్దులో సర్దుతారు. చిట్టా సున్నా అయ్యేది సిద్ధాంతంలో దానంతటదే, కాగితం మీద ఈ పద్దు సాయంతో. అది ఏళ్ల తరబడి ఒకే వైపు వాలుతూ ఉంటే ఎక్కడో ఒక దారి లెక్కకు అందడం లేదని అనుమానించాలి.

ఇంకోటి విజయవాడ బ్యాంకుల్లో రోజూ జరిగేది. డిపాజిట్ వేసిన డాలస్ ఆయన ఎన్ఆర్ఈ ఖాతాలోంచి ఇక్కడ వాళ్ల నాన్న ఇంటి మరమ్మతుకి 10 లక్షలు తీశాడనుకోండి. ఒక్క డాలరు కూడా సరిహద్దు దాటలేదు. కానీ బ్యాంకు ఆయనకు ఉన్న బాకీ 10 తగ్గింది, డబ్బు ఇక్కడి మనిషికి చేరింది. ఆర్‌బీఐ దీన్ని పంపకంగా కరెంటు ఖాతాలో ప్లస్ 10 రాస్తుంది, మూలధన ఖాతాలో మైనస్ 10. లోటు 40 నుంచి 30కి దిగుతుంది. అందువల్ల పంపకాలు పెరిగాయన్న వార్తలో కొంత భాగం ఎప్పుడో వచ్చిన డబ్బుకు ఇవాళ పేరు మారడమే. గమ్మత్తేమిటంటే పొదుపు వైపు కూడా లెక్క కుదురుతుంది: నాన్న ఆదాయం 10 పెరిగినట్టు రాస్తారు.

ఎవరు లోపలివాళ్లు, ఎవరు బయటివాళ్లు అన్నది కూడా పాస్‌పోర్టును బట్టి కాదు. టెక్సాస్‌లో ఎమ్మెస్ చదివే గుంటూరు అమ్మాయి లెక్కల్లో ఇంకా గుంటూరు మనిషే, ఆమె ఫీజు మన దిగుమతి. ఉద్యోగంలో చేరి అక్కడ స్థిరపడితే బయటి మనిషి, ఆమె ఇంటికి పంపేది మనకు రాబడి.

బావ హారం సంగతి

ఇదంతా విన్నాక బావ అసలు మాట బయటపెట్టాడు. సంక్రాంతికి ముందు కూతురికి ఏడు కాసుల హారం చేయించాడు. "అయితే లోటులో నా చేయి కూడా ఉందంటావా?"

ఎలా చేయించావని అడిగాను. అక్క పాత కాసులపేరు ఇచ్చి, కరిగించి, అదే బంగారంతో చేయించాడట. తరుగు, మజూరీ మాత్రం చేతి నుంచి కట్టాడు.

అలాగైతే దిగుమతి లేదు. కాసులపేరు పోయి హారం వచ్చింది కాబట్టి విలువైన వస్తువుల పద్దులో బంగారం ఎంతుందో అంతే. మజూరీ ఒక్కటే కొత్తది. అది ఇక్కడి కంసాలి ఆదాయం కాబట్టి జీడీపీలో చేరింది, హారం విలువలో భాగం కాబట్టి పెట్టుబడిలోనూ అంతే చేరింది. కంసాలి దాన్ని ఖర్చు పెట్టేదాకా పొదుపు కూడా అంతే పెరిగినట్టు. రెండు వైపులా ఒకే అంకె, తేడా సున్నా.

"మరి తరుగు?" అన్నాడు బావ. అది దేశం లెక్క కాదు, ఆయనకూ కంసాలికీ మధ్య లెక్క.